ముని గడ్డం, రెండు హెడ్డింగులు

ట్రిబ్యునల్ ఆర్డరు చేతికొచ్చిన రోజున సుబ్రహ్మణ్యం తన కొట్టు ముందు ఆగిన ఆటోవాళ్లందరికీ లడ్డూలు పంచాడు. ఎందుకని అడిగినవాళ్లకు, "కస్టమ్స్ వాళ్ల మీద గెలిచానయ్యా" అని చెప్పాడు. అడగనివాళ్లకూ చెప్పాడు.

ఫిల్మ్ నగర్‌లో, డబ్బింగ్ థియేటరు పక్క సందులో అతని కొట్టు. విగ్గులు, గడ్డాలు, మీసాలు, వాటిని అతికించే స్పిరిట్ గమ్, ముఖానికి పూసే రంగులు అన్నీ దొరుకుతాయి. ముప్పై ఏళ్ల కిందట తెనాలి దగ్గరి పల్లె నుంచి నాటకాల మేకప్ పెట్టె పట్టుకుని వచ్చినవాడు. మొదట్లో సెట్లలో మేకప్ అసిస్టెంటు. తరవాత కొట్టు. ఆ తరవాత చైనా నుంచి నేరుగా సరుకు తెప్పించుకునేంత ఎత్తుకు వచ్చాడు. ఆ ఎత్తు మీదున్నప్పుడే కస్టమ్స్ కేసు పడింది. నాలుగేళ్లకు పైగా నడిచి ఇప్పుడు తెగింది.

తెగిందని వినగానే మేకప్ కళాకారుల సంఘం వాళ్లు ఫోన్ చేశారు. ఈ మధ్య సంఘంలో చాలామంది సొంతంగా సరుకు తెప్పించుకుంటున్నారు. సుంకాల పట్టికలో ఏ సరుకును ఏ హెడ్డింగ్ కింద చూపించాలో, ఎంత సుంకం పడుతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆర్డరేమో ఇంగ్లీషులో, దస్తాలకొద్దీ పేజీలు. "దాని సారం ఒక్క పేజీలో తెలుగులో రాయించి ఆదివారం మీటింగులో మీరే చదవండి. ఆ పూట మీకు శాలువా కూడా" అన్నారు. సుబ్రహ్మణ్యం ఉబ్బిపోయాడు. భోజనాలు తన ఖర్చేనన్నాడు. పెద్ద బేనర్ల ప్రొడక్షన్ మేనేజరు సత్యనారాయణను ముఖ్య అతిథిగా తనే పిలిచాడు.

సారం రాసే పని హైమకు అప్పజెప్పాడు. జూబ్లీహిల్స్‌లో అతని కేసు వాదించిన లాయరుగారి దగ్గర జూనియర్ ఆ పిల్ల. ట్రిబ్యునల్లో వాయిదా పడ్డప్పుడల్లా సుబ్రహ్మణ్యం పక్కన కూచుని అతనికి చెవిలో తెలుగు చెప్పింది కూడా ఆమే.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుకు వెళితే హైమ కాగితం ముందు పెట్టింది.

"చదవనా అంకుల్? ఎక్కడైనా అర్థం కాకపోతే చెప్పండి, మార్చేస్తాను."

"చదువమ్మా, చదువు. నా చెవులకు పండగ."

హైమ చదివింది.

"దిగుమతిదారు రెండు రకాల సరుకు తెప్పించారు. మొదటిది, సన్నటి వల మీద మనిషి వెంట్రుకలను ఒక్కొక్కటిగా చేత్తో ముడివేసిన విగ్గులు. రెండోది, సింథటిక్ పీచును మిషన్ మీద కుట్టి, చెవులకు తగిలించుకునే ఎలాస్టిక్ పెట్టిన గడ్డాలు. రెండింటినీ ఆయన 6704 హెడ్డింగ్ కింద చూపించారు. విగ్గులు, పెట్టుడు గడ్డాలు, కనుబొమలు వచ్చే హెడ్డింగ్ అది. సరుకు వచ్చిన 2018లో దాని మీద మూల సుంకం నూటికి పది. కస్టమ్స్ శాఖ మాత్రం రెండు రకాలూ 9505 కిందికే వస్తాయంది. అది పండగలకు, వేషాలకు, వినోదానికి వాడే వస్తువుల హెడ్డింగ్. ఆ ఏడాది బడ్జెట్లో దాని సుంకం పది నుంచి ఇరవైకి పెరిగింది. అంటే నూరు రూపాయల సరుకు మీద పదికి బదులు ఇరవై. ఆ సుంకం మీద పడే సర్‌చార్జీ కూడా రెట్టింపు. వీటన్నిటినీ కలిపి లెక్కగట్టే జీఎస్టీ కూడా ఆ మేరకు పెరుగుతుంది."

"భేష్! మా ఊళ్లో గొర్రెలు కాసేవాడికి కూడా అర్థమవుతుంది."

"ఇక వాదనలు. గడ్డం అన్న మాట 6704లోనే ఉంది కాబట్టి, కొనేది సినిమా మేకప్‌వాళ్లు కాబట్టి, ఇది వృత్తికి వాడే సరుకేనని దిగుమతిదారు వాదన. శాఖ వాదనకు ప్రధాన ఆధారం, దిగుమతిదారు స్వయంగా కస్టమ్స్ అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలం. అందులో ఆయన..."

"ఆగాగు." సుబ్రహ్మణ్యం చేయి అడ్డం పెట్టాడు. "అదెందుకమ్మా మళ్లీ?"

"ఆర్డరులో ఉంది కదా అంకుల్. పద్నాలుగో పేరాలో."

"ఉంటే ఉండనీ. అంత పెద్ద ఆర్డరులో ఎన్నో ఉంటాయి. అన్నీ ఎక్కిస్తామా?"

హైమ కాగితం కింద పెట్టి అతని ముఖం వంక చూసింది. ఆ పిల్లకేం తెలియదు. వాంగ్మూలంలో ఉన్నది కేసు వరకే అనుకుంటోంది.

దాని పుట్టుక ఇది. సరుకు శంషాబాద్ ఎయిర్ కార్గోలో దిగింది. ఇంత తక్కువ ధర ఎలా చూపించావు, నిజం ధర దాచావా అని అధికారి పిలిపించి కూర్చోబెట్టాడు. సుబ్రహ్మణ్యం చూపించిన ధర నిజమైనదే. చైనావాడు సరుకు ఒక్కసారిగా వదిలించుకుంటూ చవకగా ఇచ్చాడు. కానీ ఆ కుర్చీలో కూచునేసరికి అతనికి పల్లెటూరి తెలివి పైకొచ్చింది. సంతలో కొనేవాడి ముందు తన గేదెను ఆకాశానికెత్తే రైతు, రుసుము వసూలు చేసేవాడు రాగానే అదే గేదెకు పాలు రావంటాడు, కాలు కుంటంటాడు, చూపు లేదంటాడు. సుబ్రహ్మణ్యమూ అదే చేశాడు. "అయ్యా, ఇవన్నీ నాసిరకం. జాతరల్లో, బడిపిల్లల వేషాలకు తప్ప పనికిరావు. గడ్డాలైతే అంచు మిషన్ కుట్టు. గమ్ పట్టదు. లైట్ల వేడికి రెండోసారికే అంచు లేస్తుంది" అని చెప్పి, రాసినదాని కింద సంతకం పెట్టి వచ్చాడు.

ధర గొడవ ఆ పూటతో పోయింది. చూపించిన ధరే ఒప్పుకుని సరుకు వదిలారు. కొన్నాళ్లకు వేరే నోటీసు వచ్చింది. 'మీ సరుకు నాసిరకమని మీరే అన్నారు కదా, అలాంటిదైతే అది వేషాల సరుకు, 9505 కిందికి వస్తుంది, తేడా సుంకం కట్టండి' అని. దాచుకోవడానికి తవ్విన గోతిలో తనే కాలు పెట్టాడు.

"అంకుల్, ఆ ముక్క తీసేస్తే సారమే మిగలదు" అంది హైమ. "ట్రిబ్యునల్ జవాబంతా దానికే కదా. చూడండి, ఏమన్నారో. 6704 వివరణలో ఏముందంటే, ఈ హెడ్డింగ్‌లోకి వచ్చేవి సాధారణంగా మంచి పనితనంతో చేసినవి, సొంత అలంకరణకో నాటకరంగం లాంటి వృత్తికో వాడేవి. నాసిరకం పదార్థంతో, నాసిరకం పనితనంతో చేసిన వేషాల సరుకు ఇందులోకి రాదు, 9505కు పోతుంది. కాబట్టి తేల్చాల్సింది సరుకు ఎలాంటిదని. కొన్నవాడు ఎవరు, ఎక్కడ వాడాడు అన్నది కాదు. దిగుమతి అయిన రోజున ఆ వస్తువు ఎలా ఉంది అన్నదే ముఖ్యం."

"అది తెలుసులే."

"మరి మీ వాంగ్మూలం సంగతి? ఏ హెడ్డింగ్ అన్నది చట్టం తేల్చాల్సిన విషయం, దిగుమతిదారు ఏదో అన్నంత మాత్రాన తేలిపోదు అన్నారు. హెడ్డింగ్ మార్చాలంటే రుజువు చూపాల్సింది శాఖే. విగ్గుల విషయంలో వాళ్లు మీ మాట తప్ప ఇంకేం చూపలేదు. నమూనా తీసి చూస్తే వల మీద చేతి ముడులు కనిపించాయి. మీ మాట తప్పు, సరుకు మంచిది. 6704. ఆ డిమాండు కొట్టేశారు. గడ్డాల దగ్గరికొచ్చేసరికి నమూనా కూడా మీరు చెప్పినట్టే ఉంది. మిషన్ కుట్టు, ఎలాస్టిక్, పీచు. మీ మాటా సరుకూ ఒకటే అయ్యాయి. 9505. తేడా సుంకం, వడ్డీ కట్టాలి. సరుకు వివరాలు దాచలేదు, హెడ్డింగ్ విషయంలో అభిప్రాయభేదమే కాబట్టి జరిమానా తీసేశారు. ఇంతే ఆర్డరు. విలువంతా విగ్గుల్లోనే ఉంది కాబట్టి మీకు గెలుపే."

"అదే రాయి. గెలిచాడు అని రాయి."

"గడ్డాలు ఓడిపోయాయని రాయొద్దా?"

"ఒక లైను రాయి. ఎందుకో వద్దు."

"ఎందుకో చెప్పకపోతే సంఘం వాళ్లు ఏమనుకుంటారు? గడ్డమన్న మాట 6704లో ఉంది, సుబ్రహ్మణ్యంగారు గెలిచారు, మనమూ అలాగే వేద్దాం అనుకుంటారు. ఎలాస్టిక్ గడ్డాలు తెచ్చి దొరికిపోతారు. మీ విషయంలో కొత్త వివాదం కాబట్టి జరిమానా పోయింది. ఇది తెలిసీ వేసినవాడికి పోతుందని ఎవరు చెప్పగలరు?" హైమ గొంతు తగ్గించింది. "ఆర్డరు ట్రిబ్యునల్ వెబ్‌సైట్‌లో ఉంది అంకుల్. దాచింది దాగదు."

"ఇంగ్లీషులో ఉంది. మనవాళ్లెవరూ చదవరు."

ఆ మాట నోటి నుంచి జారాక, తన చెవికే చెడ్డగా వినిపించింది. హైమ కంప్యూటర్ వైపు తిరిగింది. కాగితం రెండు ప్రతులు తీసిచ్చింది. ఒకదానిలో వాంగ్మూలం ముక్క ఉంది. రెండోదానిలో లేదు.

"లేనిదాని కింద మాత్రం మా ఆఫీసు పేరు వేయొద్దు" అంది.

కొట్టుకు తిరిగొచ్చేసరికి గడప దగ్గర భిక్షం కూచుని ఉన్నాడు.

సుబ్రహ్మణ్యం చేతిలోని రెండు ప్రతులూ మడిచి జేబులో వేసుకున్నాడు. షేక్‌పేటలో పుట్టి, యూసుఫ్‌గూడలో కిరాయి ఇంట్లో ఉంటున్న భిక్షం ఒకప్పుడు పౌరాణికాలకు పేరున్న మేకప్‌మ్యాన్. దేవుడి కిరీటం కింద నుదుటి గీతలు అతను దిద్దినట్టు దిద్దేవాడు లేడనేవారు. ఇప్పుడు చిన్న సీరియళ్లలో గుంపు వేషాలకు రంగులు పూస్తున్నాడు. ఒక్క రోజు షూటింగ్ అతన్ని ఈ స్థితికి తెచ్చింది.

ఆ రోజు షేక్‌పేటలో షూటింగ్, ఒక పెద్ద సీరియల్‌కు మునీశ్వరుడి వేషం. పెద్ద నటుడు. దగ్గరి షాట్‌లో గడ్డం అంచు చెవి దగ్గర లేచింది. అతికించారు, లేచింది. మళ్లీ అతికించారు, మళ్లీ లేచింది. ఆ నటుడు గడ్డం పీకి విసిరికొట్టి కారెక్కి వెళ్లిపోయాడు. షూటింగ్ ఆగింది. ప్రొడక్షన్ మేనేజరు సత్యనారాయణ యూనిట్ మొత్తం ముందు భిక్షాన్ని నిలబెట్టి అడిగాడు. గడ్డం అమ్మిన సుబ్రహ్మణ్యాన్నీ సెట్‌కు పిలిపించాడు. "మా సరుకు ఫస్ట్ క్లాసండీ. గమ్ ఆరకముందే షాట్‌కు పంపి ఉంటాడు. చెయ్యి పాతబడింది పాపం" అన్నాడు సుబ్రహ్మణ్యం. అంత మాటతో భిక్షం పని పోయింది. ఆ కంపెనీ తరవాత మిగతా కంపెనీలూ పిలవడం మానేశాయి.

శంషాబాద్‌లో 'గమ్ పట్టదు' అని సంతకం పెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. గడ్డం ఆ సరుకులోదే.

"రా సుబ్బన్నా, నీ కోసమే కూసున్న" అన్నాడు భిక్షం. "గెలిసినవంట గద. మంచిగైంది. గవర్నమెంటోని తోటి కొట్లాడి గెలుసుడంటే మామూలు ముచ్చటనా?"

"ఏదో, దేవుడి దయ. టీ తాగుతావా?"

"తాగిన తాగిన. జర ఒక్క సలహా జెప్పు. రామాయణం సీరియల్ ఒకటొచ్చింది. మునులు, రుషులు, గుంపు బాగున్నది. నేను, ఇంకిద్దరం మేకప్పోళ్లం గల్సి గడ్డాలు చైనా నుంచే తెప్పిస్తున్నం. ఎలాస్టిక్ గడ్డాలే. దూరం షాట్లు గద, నడుస్తయ్. ఏజెంటు అడుగుతుండు, అరవై ఏడు సున్నా నాలుగు ఏద్దామా, తొంభై అయిదు సున్నా అయిదు ఏద్దామా అని. నువ్వు గెలిసినవని ఇన్నం. అరవై ఏడే ఏయమని చెప్పొచ్చా?"

చెప్పాల్సింది ఒక్క ముక్క. ఎలాస్టిక్‌వి 9505 కిందికే వస్తాయి. చెబితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే...

"ఆదివారం మీటింగులో అంతా చదువుతున్నాగా" అన్నాడు సుబ్రహ్మణ్యం. "అక్కడ విని వేద్దువులే. తొందరేముంది?"

"అట్లనే. నువ్వు జదివితే సాలు." లేచి నిలబడి భిక్షం కొట్టులోకి తొంగిచూశాడు. అద్దాల బీరువాలో ముని గడ్డం ఒకటి తెల్లగా వేలాడుతోంది. "గదిట్లుంటదే మల్ల. సూస్తే మెత్తగ కనబడతది. నా చేతిలకే ఎందుకట్లైందో ఇప్పటికీ సమజ్ గాదు. గమ్ మంచిగనే ఆరబెట్టిన సుబ్బన్నా. నా పిల్లల మీద ఒట్టు. ఫ్యాన్ గాలికి కూసోబెట్టి మరీ ఆరబెట్టిన." నవ్వాడు. "ఫో, గయ్యన్నీ ఎందుకిప్పుడు. చెయ్యి పాతబడ్డది, నువ్వన్నదే కరెక్టు."

అతను సందు మలుపు తిరిగేదాకా సుబ్రహ్మణ్యం గడపలోనే నిలబడ్డాడు. కొట్టు లోపలికి అడుగు పెట్టాలంటే ఆ బీరువా దాటాలి.

లోపల బల్ల దగ్గర భార్య కౌసల్య మీసాలకు దువ్వెన పెడుతోంది. అంతా విన్నది. ఆమె చెవికి ఏదీ తప్పదు.

"ఏం రాసిందేంటి ఆ పిల్ల?"

రెండు ప్రతులూ ఆమె ముందు వేశాడు. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రెండూ చదివింది. పొడవుది చదివాక కళ్లజోడు తీసింది.

"గమ్ పట్టదని చెప్పారా మీరు? ఆ ఆఫీసరు దగ్గర?"

"ధర కోసం చెప్పానే. సరుకు విడిపించుకోవాలని చెప్పా."

"మరి నాతో ఎలాస్టిక్ ఎందుకు కత్తిరింపించారు?"

అతను కాగితాలు మడవసాగాడు. అవే గడ్డాలకు ఎలాస్టిక్ కత్తిరించి, ముందు వరసకు సన్నటి వల పట్టీ కుట్టి, చేతి పని గడ్డాలని చెప్పి మూడింతలకు అమ్మారు. కుట్టింది కౌసల్య. కుట్టమన్నది సుబ్రహ్మణ్యం. వెనకాల మిషన్ కుట్టు అలాగే ఉండేది. ముందు వల చూసి ఎవరూ వెనక్కి తిప్పి చూడలేదు, భిక్షంతో సహా. పాత స్నేహితుడి దగ్గర సరుకు తిరగేసి చూడటం మర్యాద కాదనుకునే రకం అతను.

"నాకేం తెలుసు" అంది కౌసల్య. "అందంగా ఉంటుంది, కొనేవాళ్లు మెచ్చుకుంటారు అనుకుని కుట్టా. వాడి కూడు పోతుందని తెలిస్తే సూది పట్టేదాన్నా?"

"నాకు మాత్రం తెలుసా, ఆ షాట్‌లోనే లేస్తుందని?"

"లేస్తుందని రాసిచ్చొచ్చిన మనిషి ఆ మాట అనకూడదండీ."

శనివారం అతను కొట్టు తెరిచి, బీరువాలోని ముని గడ్డం తీసి వెనక్కి తిప్పాడు. మిషన్ కుట్టు దారి గీత గీసినట్టు తిన్నగా కనిపించింది. దాన్ని పెట్టెలో పెట్టాడు. తీసి మళ్లీ వేలాడదీశాడు. మళ్లీ పెట్టెలో పెట్టాడు. కొనడానికి వచ్చినవాడు, "ఏంటండీ, అమ్మకానికేనా?" అని అడిగితే కాదన్నాడు.

ఆదివారం సంఘం హాలు నిండిపోయింది. వంటవాళ్లు గుత్తి వంకాయ కూర దించుతుంటే ఆ వాసన మైకు దాకా వస్తోంది. సత్యనారాయణ కొంచెం ఆలస్యంగా, తెల్ల చొక్కాలో, రెండు ఫోన్లతో వచ్చాడు. ముందు వరసలో కుర్చీ వేశారు. భిక్షం ఎక్కడో వెనక, తన ఇద్దరు భాగస్తుల మధ్య గోడకానుకుని ఉన్నాడు. ఏజెంటుకు ఫోన్ చేయడానికి సెల్లు చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

శాలువా కప్పారు. సుబ్రహ్మణ్యానికి అది బరువుగా, వేడిగా అనిపించింది. మైకు ముందు నిలబడి చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ఎడమ జేబులో పొట్టి కాగితం. ప్యాంటు జేబులో పొడవు కాగితం. పొట్టిదే తీశాడు.

"కానివ్వండి గురువుగారూ, ఆకలేస్తోంది" అని ఎవరో అరిస్తే నవ్వులు.

చదవడం మొదలెట్టాడు. రెండు రకాల సరుకు. 6704, 9505. పది, ఇరవై. ఆ అంకెలు వినగానే వెనక భిక్షం కళ్లు చిన్నవి చేసి, వేళ్ల మీద ఏదో లెక్క వేసుకోవడం కనిపించింది. చదువుతూ చదువుతూ చివరికి వచ్చాడు. "విగ్గుల విషయంలో అప్పీలు నెగ్గింది. గడ్డాల విషయంలో..." పొట్టి కాగితంలో అక్కడ ఒకే ఒక్క లైను ఉంది. "నెగ్గలేదు."

"అంటే ఎందుకన్నా?" అన్నాడు భిక్షం, వెనక నుంచి. "గడ్డాలంటే అన్నిటికా? ఎలాస్టిక్ వాటికా? కారణమేందో జెప్తే మేం జర సూసుకుంటం."

కారణం. ఆ పిల్ల కూడా అదే మాటంది.

సుబ్రహ్మణ్యం హాలంతా ఒకసారి చూశాడు. కౌసల్య ఆడవాళ్ల వరసలో కూచుని తన చేతుల వంకే చూసుకుంటోంది. అతను ప్యాంటు జేబులోంచి రెండో కాగితం తీశాడు. మడతలు విప్పుతుంటే మైకులో కాగితం చప్పుడు పెద్దగా వినిపించింది.

"కారణం ఉంది. చదువుతా."

చదివాడు. తన మాటలు. తెలుగులో అని, ఇంగ్లీషులోకి పోయి, హైమ చేతిలో మళ్లీ తెలుగై తిరిగొచ్చిన మాటలు. "దిగుమతిదారు స్వయంగా కస్టమ్స్ అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలంలో, ఈ సరుకు నాసిరకమని, గడ్డాల అంచు మిషన్ కుట్టు అని, గమ్ పట్టదని, లైట్ల వేడికి రెండోసారికే అంచు లేస్తుందని చెప్పారు. విగ్గుల నమూనా ఆ మాటకు విరుద్ధంగా ఉంది. గడ్డాల నమూనా మాత్రం ఆ మాటకు సరిపోయింది. కాబట్టి ఎలాస్టిక్ గడ్డాలు 9505. తేడా సుంకం, వడ్డీ చెల్లించాలి."

హాలులో కొందరు తల ఊపారు. కొందరికి సుంకం ముక్క తప్ప మరేం ఎక్కలేదు. ముందు వరసలో సత్యనారాయణ చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, నోటికి అడ్డంగా చెయ్యి పెట్టి ఎవరితోనో గుసగుసలాడుతున్నాడు. అతను వినలేదు. అది గమనించిన క్షణంలో సుబ్రహ్మణ్యం గుండె తేలికపడింది. తేలికపడినందుకు మళ్లీ సిగ్గేసింది.

భిక్షం గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు.

"గా మాట ఎప్పుడు జెప్పినవ్ సుబ్బన్నా? షేక్‌పేట షూటింగ్ కన్న ముందుగాలనా, ఎన్కనా?"

"ముందే."

"నాకిచ్చిన గడ్డం గా సరుకులదేనా? దానికి ఎలాస్టిక్ లేకుండె గద. ముందల వల ఉండె."

"ఎలాస్టిక్ ఉండేది. తీసేశాం. వల మేం కుట్టిందే."

"కుట్టింది నేను" అంది కౌసల్య, కూచున్న చోటు నుంచే. ఆమె గొంతుకు మైకు అవసరం లేకపోయింది.

భిక్షం తిడతాడని సుబ్రహ్మణ్యం కాచుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. తిట్టు పడితే కాస్త చెల్లు వేసుకోవచ్చు. భిక్షం తన కుడి చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. అరచేయి, మళ్లీ వెనక. సొంత చేతిని మొదటిసారి చూస్తున్నట్టు. తరవాత పక్కనున్న భాగస్తుడి వైపు తిరిగి, "మనయి తొంభై అయిదులనే ఏయమని జెప్పు ఏజెంటుకు. ఇరవై గట్టాలె అంతే" అన్నాడు. పని ముక్క తెగ్గొట్టుకున్నాకే ముందు వరస వైపు నడిచాడు.

సత్యనారాయణ అప్పుడే ఫోన్ జేబులో వేసుకున్నాడు. "అయిందా? బాగా చదివారండీ సుబ్రహ్మణ్యం గారూ. ఇక భోజనాలకు..."

"కాలే సార్" అన్నాడు భిక్షం. కేక లేదు, కోపం లేదు. ఖాళీగా ఉన్న కుర్చీ ఒకటి లాక్కుని సత్యనారాయణ పక్కనే కూచున్నాడు. ఆ పక్కన కూచోవడానికి అతనికి ఇన్నేళ్లు పట్టింది. "సారు ఫోన్ల ఉండె సుబ్బన్నా. ఇన్లే. గా పేరా జర మల్ల సదువు."

వంటవాళ్లు విస్తళ్లు వేయడం ఆపేశారు. సుబ్రహ్మణ్యం భుజం మీద శాలువా తీసి బల్ల మీద పెట్టాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. వేలు పెట్టి లైను వెతుక్కున్నాడు.

"దిగుమతిదారు స్వయంగా..." అని మొదలుపెట్టి, ఆగాడు. "సుబ్రహ్మణ్యం అనే నేను, కస్టమ్స్ అధికారి ముందు..." అని మళ్లీ మొదటి నుంచి చదవసాగాడు. ఈసారి మెల్లగా, సత్యనారాయణ ముఖంలోకి చూస్తూ.